అస్తమయం తర్వాత పావుగంట: స్కూటర్ ప్రకటన బొమ్మకు మాటలు రాయడం

హైదరాబాద్‌లో ఒక కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్ విడుదల కాబోతోందనుకుందాం. హోర్డింగులకు, పత్రికలకు, ఫోన్లలో తిరిగే ప్రకటనలకు ఒక బొమ్మ కావాలి. నగరం కనిపించాలి, మునిమాపు వేళ కావాలి, చూడగానే రేపటి కాలం బండి అనిపించాలి, చుట్టూ గందరగోళం లేకుండా శుభ్రంగా ఉండాలి అని కంపెనీ కోరిక. ఇదివరకైతే ఇందుకు ఫొటోగ్రాఫరు, లైట్లు, జనరేటర్ బండి, రోడ్డు తడపడానికి నీళ్ల ట్యాంకరు, పోలీసు అనుమతి అన్నీ కావాల్సి వచ్చేవి. ఇప్పుడు చాలా ఏజెన్సీల్లో ఆ పని మొదటి అడుగు కంప్యూటర్ ముందే పడుతోంది. మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి బొమ్మలు గీసే ఏఐ సాధనాలకు మాటల్లో ఒక సూచన రాస్తారు. దాన్నే ప్రాంప్ట్ అంటున్నారు.

ఎవరైనా మొదట రాసే ప్రాంప్ట్ దాదాపు ఇలా ఉంటుంది:

```
electric scooter launch, futuristic city at dusk, clean, cinematic, 8k
```

కోరినవన్నీ ఇందులో ఉన్నట్టే ఉన్నాయి. కానీ వచ్చే బొమ్మల్లో తరచుగా కనిపించేది నిలబడి నడిపే సన్నటి కర్ర స్కూటర్. అమెరికా, యూరప్ నగరాల్లో పేవ్‌మెంట్ల మీద అద్దెకు దొరికే బాపతు. దాని వెనక ఊదా, గులాబీ రంగుల నియాన్ బోర్డులు, తడిసి మెరిసే రోడ్డు, షాంఘైనో దుబాయినో తలపించే ఆకాశహర్మ్యాలు. మనం అడిగిన నగరం గానీ, మనం నడిపే బండి గానీ అందులో ఉండవు.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే ఎలా రాయాలో సగం తెలిసినట్టే. ఈ సాధనాలు ఇంటర్నెట్‌లోని కోట్లాది ఫొటోలను, వాటి కింద ఉన్న వ్యాఖ్యలను జతగా చూసి నేర్చుకున్నాయి. బొమ్మ గీసేటప్పుడు అర్థంలేని చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, అడుగడుగునా ఆ గందరగోళాన్ని కొంచెం కొంచెం తొలగిస్తూ పోతాయి. ఏ దిక్కుగా తొలగించాలో చెప్పేది మన మాటలు. ఒక మాటకు ఎక్కువ ఫొటోల్లో ఏ అర్థం ఉందో ఆ అర్థం వైపే బొమ్మ జారుతుంది. ఇంగ్లీషు వెబ్‌సైట్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ అంటే చాలాచోట్ల నిలబడి తొక్కేదే. ఫ్యూచరిస్టిక్ సిటీ అని పేరు పెట్టిన బొమ్మల్లో 1982 నాటి బ్లేడ్ రన్నర్ సినిమా తర్వాత స్థిరపడిపోయిన వాన, చీకటి, నియాన్ వెలుగుల లోకమే ఎక్కువ. సినిమాటిక్, 8కే అన్న మాటలు ఆ జారుడును ఇంకా పెంచుతాయే తప్ప కొత్తగా ఏమీ చెప్పవు.

కాబట్టి విశేషణాలు తీసేసి వస్తువులు చెప్పాలి. స్కూటర్ అనకుండా సీటు, కాళ్లు పెట్టుకునే చదునైన ఫుట్‌బోర్డు, ముందు ఏప్రన్, రెండు చిన్న చక్రాలు ఉన్న బండి అని వర్ణించాలి. భవిష్యత్తు అనకుండా ఆ భావం దేనివల్ల కలుగుతుందో ఆలోచించాలి. ఒక నగర దృశ్యం శుభ్రంగా, ముందుకాలానికి చెందినదిగా కనిపించేది అందులో లేనివాటి వల్లనే: వేలాడే తీగలు లేవు, బోర్డులు లేవు, పొగ లేదు, రంగులు రెండుమూడుకు మించి లేవు, గీతలు పొడవుగా, తిన్నగా ఉన్నాయి. నియాన్ దీపాలు పెట్టినకొద్దీ ఈ భావం చెదిరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. 'తీగలు వద్దు' అని వాక్యంలో రాస్తే చాలా సాధనాలు తీగలనే గీస్తాయి. ఫొటో కింద వ్యాఖ్య రాసేవాళ్లు అందులో ఉన్నదాన్ని రాస్తారు గానీ లేనిదాన్ని రాయరు కదా. అందువల్ల 'వద్దు' అన్న మాటకు బలం తక్కువ, 'తీగలు' అన్న మాటకు బలం ఎక్కువ. వద్దనుకున్నవాటిని వేరుగా చెప్పడానికి స్టేబుల్ డిఫ్యూజన్‌లో విడిగా ఒక పెట్టె ఉంటుంది. మిడ్‌జర్నీలో ప్రాంప్ట్ చివర `--no` అని రాసి ఆ జాబితా ఇస్తారు. ఎలక్ట్రిక్ స్కూటర్ విషయంలో ఈ జాబితాలో తప్పకుండా ఉండాల్సింది సైలెన్సర్ గొట్టం. పెట్రోలు స్కూటర్ల ఫొటోలే లెక్కకు ఎక్కువ కాబట్టి, ఇంజనే లేని బండికి కూడా కుడిపక్కన పొగగొట్టం మొలుచుకొస్తుంది.

ఇక మునిమాపు. ఈ బొమ్మకు ప్రాణం ఇక్కడే ఉంది. దీనికి అందరికంటే తక్కువ మాటలు ఖర్చు చేసేదీ ఇక్కడే. సంజవేళ ఒకే వెలుగు కాదు. సూర్యుడు దిగంతానికి కాస్త పైన ఉన్నప్పుడు బంగారు రంగు పక్కవాటు ఎండ, పొడవాటి నీడలు ఉంటాయి. అస్తమించిన వెంటనే నీడలు మాయమై పడమటి అంచు ఎరుపెక్కుతుంది. సూర్యుడు దిగంతానికి నాలుగైదు డిగ్రీల కిందికి దిగేసరికి ఆకాశం చిక్కటి నీలమవుతుంది. ఆ వేళ సూర్యకాంతి మన దాకా రావడానికి వాతావరణంలో చాలా దూరం పక్కవాటుగా ప్రయాణిస్తుంది. పైపొరల్లోని ఓజోన్ ఆ వెలుగులోంచి నారింజ, పసుపు భాగాలను ఎక్కువగా పీల్చేసుకోవడం వల్ల మిగిలిన నీలం అంత గాఢంగా కనిపిస్తుంది.

ప్రకటనల ఫొటోగ్రాఫర్లు ఎదురుచూసేది ఈ నీలం కోసమే. అందం ఒక కారణం. అంతకంటే ముఖ్యమైన కారణం వెలుగుల సమతూకం. అంతకుముందు ఆకాశం మరీ కాంతిగా ఉండి కిటికీల దీపాలు, బండి హెడ్‌లైటు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత ఆకాశం నల్లబడి భవనాల అంచులు కనబడవు. మధ్యలో కొన్ని నిమిషాలు మాత్రం ఆకాశం కాంతి, దీపాల కాంతి దాదాపు సమానమై రెండూ ఒకే ఫొటోలో చక్కగా పడతాయి. హైదరాబాద్ భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు నిటారుగా దిగిపోతాడు. అస్తమయం నుంచి సూర్యుడు ఆరు డిగ్రీలు దిగేదాకా పట్టే సమయం ఇరవై రెండు నిమిషాల చుట్టుపక్కల ఉంటుంది. వేసవిలో లండన్‌లో అదే ముప్పావుగంట సాగుతుంది. మనకు కావాల్సిన నీలం అస్తమయం తర్వాత సుమారు పావుగంటకు వచ్చి పది నిమిషాల్లో పోతుంది.

కంప్యూటర్‌కు ఈ తొందర లేదు. కానీ ఏ నిమిషం కావాలో చెప్పకపోతే అది మూడు సంజల్నీ కలిపేస్తుంది. ఆకాశంలో చిక్కటి నీలం, బండి మీద బంగారు ఎండ, నేల మీద గాఢమైన నీడ కలిసి వచ్చేస్తాయి. విడిగా చూస్తే దేనికదే బాగుంటుంది, కలిపితే ఎక్కడో అబద్ధమనిపిస్తుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోవచ్చు గానీ కన్ను ఒప్పుకోదు. అందుకే ప్రాంప్ట్‌లో అస్తమయమై పావుగంట అయిందని, పడమటి అంచున సన్నటి నారింజ చార మాత్రమే ఉందని, వెలుగు మెత్తగా ఫలానా వైపు నుంచి వస్తోందని రాయాలి.

వెలుగు ఏ వైపు నుంచి రావాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. అస్తమించిన చోటునే బండి వెనక పెడితే ఆకాశం అద్భుతంగా వస్తుంది గానీ బండి ముందుభాగం నల్లగా మిగులుతుంది. విడుదల బొమ్మలో జనం చూడాల్సింది ఆ ముందుభాగమే. పడమటి ఆకాశాన్ని పూర్తిగా కెమెరా వెనక్కి తీసుకుంటే బండి మీద మెత్తటి వెలుగు సమంగా పరుచుకుంటుంది, కాని ఆ నారింజ చార ఫ్రేములో ఉండదు. నాకు నచ్చే మార్గం మధ్యది. పడమరను బొమ్మకు ఎడమ పక్కన ఉంచితే బండి ఎడమ అంచు మీద వెచ్చటి గీత, పైభాగం మీద ఆకాశపు నీలం, కుడివైపు కొంచెం చీకటి పడతాయి. ఈ మూడు ఛాయల వల్లే బండి ఒంపులు తెలుస్తాయి.

స్థలం సంగతికి వద్దాం. ప్రాంప్ట్‌లో హైదరాబాద్ అని రాస్తే చార్మినార్, దాని చుట్టూ ఆటోలు, జనం వచ్చే అవకాశం ఎక్కువ. మన దృశ్యం దుర్గం చెరువు దగ్గరిది. 2020 సెప్టెంబర్‌లో అక్కడ తీగల వంతెన ప్రారంభమైంది. జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్ 45 వైపు నుంచి మాదాపూర్ వైపుకు చెరువు దాటిస్తుంది. రెండు స్తంభాలు, వాటి నుంచి దిగే తీగలు, వెనక అద్దాల ఆఫీసు భవనాలు, చెరువు గట్టున గుండ్రటి రాతిగుండ్లు. ఆ గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. బొమ్మలో అవి ఒకటి రెండు ఉంటే చాలు, ఇది ఏదో ఊహానగరం కాదని, దక్కన్ నేలని హైదరాబాదీలు పోల్చుకుంటారు. పేరు రాయకుండా ఈ వస్తువులను రాస్తేనే సాధనం మనకు కావాల్సిన చోటికి దగ్గరగా వస్తుంది.

కానీ దగ్గరగా మాత్రమే. సాధనం గీసే తీగల వంతెన నిజమైన దుర్గం చెరువు వంతెన కాదు. స్తంభాల ఆకారం మారుతుంది, తీగలు ఒక్కోచోట గాలిలోనే ఆగిపోతాయి. నగరంలో అందరికీ తెలిసిన కట్టడాన్ని అందరికీ తెలిసిన చోట తప్పుగా చూపడం కంపెనీకి మంచిది కాదు. వంతెన దూరంగా, మసకగా, ఏదో ఒక తీగల వంతెనగా కనిపిస్తే చాలనుకుంటే సాధనం చేతికి వదలవచ్చు. ఆ వంతెనే కావాలంటే మునిమాపు వేళ దాన్ని నిజంగా ఫొటో తీసుకోవడమే మార్గం.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద నిర్ణయం. నా మాట ఏమిటంటే, విడుదల బొమ్మలో స్కూటర్‌ను సాధనం చేత గీయించకూడదు. విడుదల కాని బండి ఫొటోలు అది ఎప్పుడూ చూడలేదు. ఎంత వివరంగా రాసినా రాబోయేది దానికి తెలిసిన వంద బండ్ల సరాసరి. హెడ్‌లైటు ఆకారం ఒక బొమ్మలో ఒకలా, ఇంకో బొమ్మలో ఇంకోలా వస్తుంది. బ్రేకు డిస్కు కుడి నుంచి ఎడమకు మారుతుంది, చక్రం చువ్వలు ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. స్టాండు లేకుండా, నడిపే మనిషి లేకుండా బండి నిటారుగా నిలబడి ఉంటుంది. మన దేశపు బండ్లకు ఉండే వివరాలు ఎగిరిపోతాయి. వెనక కూర్చునేవాళ్ల చీర, చున్నీ చక్రంలో పడకుండా వెనకచక్రాన్ని కప్పే గార్డు మన మోటారు వాహనాల నియమాల్లో తప్పనిసరి. అది విదేశీ ఫొటోల్లో ఉండదు కాబట్టి సాధనం దాన్ని గీయదు. నంబరు ప్లేటు తెల్లగా వస్తుంది. మన దగ్గర సొంత వాడకపు ఎలక్ట్రిక్ బండికి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుండాలి. కొనేవాళ్లు షోరూముకు వెళ్లి చూసే బండికీ హోర్డింగు మీది బండికీ తేడా ఉంటే అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అలాంటివాటికి జరిమానా కూడా చెబుతోంది.

అందువల్ల ప్రాంప్ట్‌తో రాబట్టాల్సింది ఖాళీ రంగస్థలం. బండి నిలబడే చోటు ఖాళీగా, బండి మీద పడబోయే వెలుగు మాత్రం సిద్ధంగా ఉన్న నేపథ్యం. మిడ్‌జర్నీ కోసమైతే నేను ఇలా రాస్తాను:

```
Photograph of an empty viewing deck of pale dry concrete beside
a city lake. Across the water, a cable-stayed bridge, glass office
towers, rounded granite boulders on the shore. Fifteen minutes
after sunset: deep blue sky, thin orange band low on the left,
some office windows lit warm white. Soft light from the left,
no hard shadows. 50mm lens, camera 70 cm above ground, level
horizon. Upper right third is plain sky. --ar 2:1
--no people, signboards, neon, rain, wires
```

ఇందులో 'no hard shadows' అన్నది నేను పైన వద్దన్న పద్ధతే కదా అనిపించవచ్చు. అది ఫొటోల వ్యాఖ్యల్లో నిజంగా కనిపించే మాట, పక్కనే 'soft light' కూడా ఉంది. అయినా నీడలు గట్టిగా వస్తే మొదట తీసేయాల్సింది ఆ ముక్కనే. పొడి కాంక్రీటు అని రాయడానికి కారణముంది. సంజవేళ షూటింగుల్లో రోడ్డు తడపడం పాత అలవాటు, దీపాలు నేలలో ప్రతిఫలిస్తాయని. ప్రాంప్ట్‌లో తడి అన్నారంటే మాత్రం ఆ నియాన్ లోకం మళ్లీ వెంటబడుతుంది. 70 సెంటీమీటర్లంటే రమారమి స్కూటర్ హెడ్‌లైటుకు కాస్త దిగువన. ఆ ఎత్తు నుంచి చూస్తే బండి దిగంతం గీతను దాటి పైకి లేస్తుంది, అంతకంటే బాగా కిందికి దిగితే బెదిరించేలా కనిపిస్తుంది. 50 ఎంఎం లెన్సు అనడం వంకర రాకుండా ఉండటానికి. వెడల్పు లెన్సులో ముందుచక్రం ఉబ్బినట్టు కనబడుతుంది. పైన కుడి మూలన ఖాళీ ఆకాశం బండి పేరు, ధర రాయడానికి. ఆ అక్షరాలు కూడా సాధనం చేత రాయించకూడదు. ఒత్తులు, గుణింతాలు ఉన్న తెలుగు లిపిని ఈ సాధనాలు ఇంకా నమ్మదగ్గట్టు రాయలేవు. డిజైనరు ఫాంటుతోనే పెట్టాలి.

వాక్యాలుగా రాయడం గురించి కూడా ఒక మాట. మొదటి తరం సాధనాలకు కామాలతో విడదీసిన ముక్కలు నప్పేవి, స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపాలు ఒక విడతలో 75 టోకెన్లకు మించి చదవలేకపోయేవి. తర్వాతి సాధనాలను పొడుగు వివరణలతో నేర్పించారు, 2023లో వచ్చిన డాలీ 3 అలాంటిదే. అందుకే ఇప్పుడు ఏది ఎక్కడుందో చెప్పే మామూలు వాక్యాలు బాగా పనిచేస్తాయి.

మొదటిసారే సరైన నేపథ్యం రాదు. దిద్దేటప్పుడు ఒక క్రమం పాటించాలి. ప్రతి బొమ్మ మొదలయ్యే ఆ చుక్కల గందరగోళానికి సీడ్ అనే ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని స్థిరంగా ఉంచి, ప్రాంప్ట్‌లో ఒక్క విషయమే మార్చి చూస్తే ఏ మాట ఏం చేస్తోందో తెలుస్తుంది. ఒకేసారి నాలుగు మాటలు మారిస్తే బొమ్మ బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో తెలియదు, తర్వాతి రోజు అలాంటిదే ఇంకోటి కావాలంటే చేతకాదు.

నేపథ్యం కుదిరాక అసలు స్కూటర్‌ను అందులోకి తేవాలి. కంపెనీ దగ్గర ఆ బండి డిజైన్ ఫైలు కంప్యూటర్‌లో త్రీడీగా ఉంటుంది. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి, అదే కెమెరా ఎత్తు, అదే లెన్సు పెట్టి, వెలుగు కూడా నేపథ్యానికి సరిపోయేలా అమర్చి బొమ్మగా తీయాలి. ఎడమ పక్క సన్నటి నారింజ వెలుగు, పైన విశాలమైన నీలి వెలుగు. ఈ అమరిక తప్పిపోయే చోటు బండి పెయింటు. మెరిసే రంగు చుట్టూ ఉన్నదాన్ని అద్దంలా చూపిస్తుంది. స్టూడియోలో తీసిన ఫొటోనే తెచ్చి అతికిస్తే ఏప్రన్ మీద స్టూడియో తెల్ల దీపపు పెట్టె ప్రతిబింబం కనిపిస్తుంది, వెనకేమో నీలి సంజ. పత్రికల్లో వచ్చే చాలా ప్రకటనల్లో బండి కత్తిరించి అంటించినట్టుండటానికి కారణం ఇదే.

తర్వాత చూడాల్సింది టైర్లు నేలను తాకే చోటు. ఆ వేళ ఆకాశమంతా ఒక్కటే దీపం కాబట్టి దూరంగా పడే గట్టి నీడ ఉండదు. టైరు కింద మాత్రం వెలుగు దూరలేని చోట చిన్న చిక్కటి నలుపు ఉంటుంది, బయటికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. అది లేకపోతే బండి గాలిలో తేలినట్టుంటుంది. హెడ్‌లైటు వెలుగుతూ ఉండాలి. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే ద్విచక్ర వాహనాలకు బండి ఆన్ చేస్తే లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు కాబట్టి ఆరిన హెడ్‌లైటు పొరపాటులా కనిపిస్తుంది. లైటు వెలిగితే దాని వెలుగు ఎదురుగా ఉన్న కాంక్రీటు మీద కూడా పడాలి. సైడ్ స్టాండు వేసిన బండి ఎడమకు ఒరగాలి, నిటారుగా చూపాలంటే సెంటర్ స్టాండు కనబడాలి.

పని ఇక్కడితో అయిపోయిందనిపిస్తుంది. అచ్చులో మాత్రం సంజనీలం ఇంకో పరీక్ష పెడుతుంది. తెర మీది చిక్కటి నీలం వెలుగుతో తయారైనది. ప్రెస్సులో వాడే నాలుగు సిరాలతో అంత నీలం రాదు. మార్పిడి చేసినప్పుడు అది ఊదాగా తిరుగుతుంది, లేదా బూడిద కలిసినట్టు మసకబారుతుంది. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది కాబట్టి దినపత్రికలో బొమ్మ ఇంకా నల్లబడి, ముదురు రంగు స్కూటర్ నేపథ్యంలో కలిసిపోతుంది. అందుకని పత్రికకు వెళ్లే ఫైలులో ఆకాశాన్ని కొంచెం ఆకుపచ్చ వైపు తిప్పిన నీలంగా, నీడలను ఒక మెట్టు తేలికగా విడిగా తయారుచేసుకోవాలి. హోర్డింగు ఫ్లెక్స్‌కు ఇంకో ఫైలు. ఏది వెళ్లబోతోందో ఆ ప్రెస్సులోనే, ఆ కాగితం మీదనే ఒక ప్రూఫు తీయించి పగటి వెలుగులో చూశాకే మిగతా కాపీలకు ఒప్పుకోవాలి.